తగ్గింపుకు ముందు ధర మీదే పన్ను పడుతోంది: వేర్వేరు రేట్ల వస్తువులున్న ఇన్వాయిస్‌లో మొత్తం తప్పు వస్తోంది

బిల్లు_కోడ్

అందరికీ నమస్కారం. ఆర్డర్లకు ఇన్వాయిస్‌లు తయారు చేసే ప్రోగ్రామ్ ఒకటి ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. దాన్ని మొదట రాసినవారు ఇప్పుడు సంస్థలో లేరు. మొన్న ఒక కొనుగోలుదారు మా ఇన్వాయిస్‌ను తిప్పి పంపి, పన్ను ఎక్కువ వేశారు, సరిచేయండి అని రాశారు. చేత్తో లెక్క కట్టి చూస్తే వారి మాటే నిజమని తేలింది.

అందులో మూడు వస్తువులున్నాయి. మొదటిది 1200, దాని మీద పన్ను 5 శాతం. రెండోది 600, పన్ను 20 శాతం. మూడోది 200, దానికి పన్ను లేదు. అన్నీ కలిపితే 2000. కూపన్ వాడినందుకు 300 తగ్గింపు. ఆ కూపన్ ఏ ఒక్క వస్తువుకో కట్టుబడింది కాదు, ఆర్డరు మొత్తానికి ఇచ్చింది. ప్రోగ్రామ్ 1200 మీద 60, 600 మీద 120, మొత్తం 180 పన్ను వేసింది. తరువాత 2000 నుంచి 300 తీసేసి, 180 కలిపి, చెల్లించాల్సింది 1880 అని చూపింది. కోడ్ ఇలా ఉంది:

```python
subtotal = sum(l.qty * l.price for l in lines)
tax = sum(l.qty * l.price * l.rate for l in lines)
total = subtotal - discount + tax
```

తగ్గింపు పోగా మిగిలిన ధర మీద పన్ను వేయాలన్నంత వరకు నాకు అర్థమైంది. అన్ని వస్తువులకూ ఒకే రేటు ఉంటే 1700 మీద ఆ రేటు వేసి ఊరుకునేవాణ్ణి. ఇక్కడ మూడు రేట్లున్నాయి. ఆ 300ను ఏ వస్తువులోంచి తీయాలి? 20 శాతం దాంట్లోంచి తీస్తే పన్ను ఒకలా వస్తోంది, పన్ను లేని దాంట్లోంచి తీస్తే ఇంకోలా వస్తోంది. దీనికి ఒక పద్ధతంటూ ఉందా?

సూత్రం_చాలు

ఇంత ఆలోచించనక్కరలేదు. వచ్చిన పన్నును కూడా తగ్గింపు నిష్పత్తిలోనే తగ్గించండి. 2000లో 300 పోతే మిగిలేది 85 శాతం. 180లో 85 శాతం 153. మొత్తం 1853. ఒక్క గుణకారంతో పని అయిపోతుంది, మూడు రేట్లున్నా ముప్పై ఉన్నా ఇంతే.

గల్లా_పెట్టె

మా కౌంటర్ల దగ్గర నడిచే ప్రోగ్రామ్‌లోనూ పన్ను తగ్గింపుకు ముందు ధర మీదే పడుతుంది. అయినా చివరి మొత్తంలో ఏనాడూ తేడా రాలేదు. ధర 1200 ఉన్న వస్తువుకు 10 శాతం తగ్గింపు ఇస్తే 1080 తీసుకుంటాం. బిల్లు మీద పన్ను 200 అని చూపిస్తుంది, కొన్నవారు 1080 ఇచ్చి వెళతారు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా అడగలేదు. కాబట్టి పన్ను ముందు వేసినా తరువాత వేసినా మొత్తం ఒకటేనని నా అభిప్రాయం. బిల్లు_కోడ్ గారి సమస్య కూడికలో ఎక్కడో ఉంది, చూసుకోండి.

జమా_ఖర్చు

గల్లా_పెట్టె గారూ, మీవి పన్ను కలిపి రాసిన ధరలు. బిల్లు_కోడ్ గారివి పన్ను విడిగా కలిపే ధరలు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మీ 1200లో 20 శాతం పన్ను కలిసే ఉంది కాబట్టి అసలు ధర 1000, పన్ను 200. తగ్గింపు తరువాత మీరు తీసుకున్నది 1080. అందులో ఆరో వంతు, అంటే 180 మాత్రమే పన్ను. మీ బిల్లేమో 200 అంటోంది. కొన్నవారు ఇచ్చే మొత్తం మారదు కనుక వారెవరూ అడగరు. కానీ అమ్మిన ప్రతిసారీ ఆ 20 మీ సొంత రాబడిలోంచి పన్ను ఖాతాకు పోతోంది. మీ దగ్గరా ఉన్నది ఇదే తప్పు. కాకపోతే వారి దగ్గర కొన్నవారు నష్టపోతున్నారు, మీ దగ్గర మీరు నష్టపోతున్నారు.

ఇక బిల్లు_కోడ్ గారికి. మీ కోడ్ ఇచ్చిన 1880 అనే సంఖ్య నాకు బాగా పరిచయం. ఇదే ఆర్డరుకు కూపన్ కాకుండా 300 విలువ చేసే గిఫ్ట్ కార్డు ఇచ్చారనుకోండి. అప్పుడు వస్తువుల ధర తగ్గదు, ధరలో కొంత భాగం కార్డు ద్వారా వచ్చిందంతే. కనుక పన్ను 180, మొత్తం 2180, అందులో 300 కార్డు నుంచి, మిగిలిన 1880 కొన్నవారి నుంచి. అంటే మీరు చూపిన మూడు పంక్తుల కోడ్ గిఫ్ట్ కార్డుకైతే అక్షరాలా సరైన లెక్క. కూపన్‌కు అదే లెక్క వాడితే తప్పు. గిఫ్ట్ కార్డు డబ్బు చెల్లించే పద్ధతి, కూపన్ ధరను తగ్గించే పద్ధతి. మీ ప్రోగ్రామ్ తగ్గింపును చెల్లింపులా చూస్తోంది.

అందుకే సూత్రం మార్చే ముందు ఒక పని చేయండి. ఆ `discount` అనే విలువలోకి ఏమేమి వచ్చి చేరుతున్నాయో డేటాబేస్‌లో చూడండి. కూపన్లు మాత్రమేనా, గిఫ్ట్ కార్డులు కూడానా, పాత రిఫండ్ల నుంచి మిగిలిన జమ కూడానా? అది తేలకుండా కోడ్ దిద్దితే ఈసారి గిఫ్ట్ కార్డు బిల్లుల్లో పన్ను తక్కువ పడుతుంది. ఆ తేడా వసూలు చేయడానికి కొన్నవారి వెంట పడలేం.

బిల్లు_కోడ్

చూశాను. మీరన్నట్టే రెండూ అందులోకే వస్తున్నాయి. కోడ్ చరిత్ర తిరగేస్తే విషయం బయటపడింది. మొదట్లో ఇందులో గిఫ్ట్ కార్డు ఒక్కటే ఉండేది. ఆ రోజుల్లో ఈ లెక్క సరైనదే. తరువాత ఎవరో కూపన్ల సదుపాయం చేర్చినప్పుడు కొత్త కాలమ్ పెట్టకుండా, ఉన్న `discount` లోనే కూపన్ విలువ కూడా వేశారు. తేడా తెలుసుకోవడానికి పక్కన `source` అనే కాలమ్ ఉంది కాబట్టి విడదీయడం కష్టం కాదు.

గిఫ్ట్ కార్డును చెల్లింపుల పట్టికలోకి మారుస్తాను. ఆ తరువాత కూపన్ సంగతి. సూత్రం_చాలు గారు చెప్పిన 153 సరైన సంఖ్యేనా?

జమా_ఖర్చు

ఈ ఒక్క ఇన్వాయిస్‌కు సరైనదే. ఆర్డరు మొత్తానికి ఇచ్చిన తగ్గింపును వస్తువుల విలువల నిష్పత్తిలో పంచడం సాధారణ పద్ధతి. 1200కు 180, 600కు 90, 200కు 30. మూడూ కలిపితే 300. మిగిలిన ధరలు 1020, 510, 170. పన్ను 51, 102, సున్నా. మొత్తం 153. ఇలా పంచినప్పుడు ఆర్డరు మీద సగటున పడే పన్ను శాతం మారదు. 2000 మీద 180 అయినా, 1700 మీద 153 అయినా 9 శాతమే. సూత్రం_చాలు గారి గుణకారం పని చేయడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ కూపన్ ఆర్డరు మొత్తానికి కాకుండా రెండో వస్తువుకే చెల్లుతుందనుకోండి. 600 కాస్తా 300 అవుతుంది. పన్ను 60, 60 కలిపి 120. మొదటి వస్తువుకే అయితే 1200 కాస్తా 900 అవుతుంది. పన్ను 45, 120 కలిపి 165. తగ్గింపు ఆ 300యే అయినా పన్ను మూడు సందర్భాల్లో 153, 120, 165గా వస్తోంది. గుణకారం మూడు చోట్లా 153 అనే చెబుతుంది. మీ పాత కోడ్ మూడు చోట్లా 180 అనే చెబుతుంది. ఏ వస్తువుకు ఎంత తగ్గిందో తెలియకపోతే దాని పన్ను ఎంతో చెప్పలేం.

మీరడిగిన దానికి సూటిగా జవాబు: తగ్గింపును ఏ వస్తువులోంచి తీయాలో తేల్చేది పన్ను లెక్క కాదు, కూపన్ షరతు. ఫలానా వస్తువుకు అని షరతు ఉంటే దానికే. ఏ షరతూ లేకపోతే పన్ను లేని వస్తువుతో సహా అన్నిటికీ నిష్పత్తిలో. పన్ను ఎక్కువ రేటు ఉన్న దాంట్లోంచే తీస్తే కొన్నవారికి లాభం కదా అని కొందరు అలా రాస్తారు. అడిగినప్పుడు దానికి ఆధారం చూపలేరు.

సూత్రం_చాలు

మా కూపన్లన్నీ ఆర్డరు మొత్తానికే. అలాంటప్పుడు ఒక్క గుణకారంతో పోయే దానికి ప్రతి వరుసకూ లెక్క కట్టి దాచడం ఎందుకో నాకు ఇంకా అర్థం కావడం లేదు. మొత్తం ఒకటే వస్తున్నప్పుడు సులువైన దారి ఉండగా కష్టమైన దారి ఎందుకు?

జమా_ఖర్చు

వస్తువు తిరిగి వచ్చినప్పుడు తెలుస్తుంది. కొన్నవారు రెండో వస్తువు ఒక్కటే వెనక్కి ఇచ్చారనుకుందాం. మీ ఇన్వాయిస్‌లో ఆ వరుస ఎదురుగా 600, 20 శాతం అని ఉంటుంది. రిఫండ్ చేసే కోడ్ ఆ వరుసను చూసి 600కు 120 కలిపి 720 ఇచ్చేస్తుంది. నిజానికి దానికోసం వారు కట్టింది 510, పన్ను 102, మొత్తం 612. 108 అదనంగా పోయింది. సరే, రిఫండ్‌లోనూ 85 శాతం వేద్దామంటే ఆ 85 శాతం ఎక్కడినుంచి వస్తుంది? అసలు ఆర్డరును మళ్లీ తెరిచి, అప్పటి తగ్గింపును చూసి, నిష్పత్తి మళ్లీ కట్టాలి. మధ్యలో ఆర్డరులో ఒక వస్తువు రద్దయి ఉంటే ఆ నిష్పత్తి కూడా మారిపోయి ఉంటుంది.

ఇంకొకటి, రేటు వారీగా పన్ను చూపాల్సిన పట్టిక. 5 శాతం కింద ఎంత విలువ, 20 శాతం కింద ఎంత విలువ అని లెక్క అప్పజెప్పేటప్పుడు 153 అనే ఒక్క సంఖ్యతో పని జరగదు. 1020 మీద 51, 510 మీద 102 అని విడిగా కావాలి. కాబట్టి ప్రతి వరుసలో మూల ధర, దాని వాటాకు వచ్చిన తగ్గింపు, పన్ను పడిన విలువ, పన్ను అనే నాలుగూ దాచండి. తరువాత ఎప్పుడూ తిరిగి లెక్క కట్టకండి, దాచినదే చదవండి.

కొత్త_వరుస

ఇది చదివాక మా పద్ధతి గురించి అనుమానం వచ్చింది. మేము వాడేది బయట కొన్న ప్రోగ్రామ్, అందులో కోడ్ మార్చే వీలు లేదు. తగ్గింపు ఇవ్వాలంటే ఇన్వాయిస్ చివర ‘తగ్గింపు’ అనే పేరుతో ఒక వరుస వేసి, ధర దగ్గర మైనస్ 300 అని రాస్తాం. ఆ వరుసకు పన్ను రేటు అడుగుతుంది. తగ్గింపు మీద పన్నేమిటని సున్నా ఇస్తున్నాం. ఇది సరైనదేనా?

పూర్ణాంకం

బిల్లు_కోడ్ గారి పాత కోడ్ చేసిన తప్పునే మీరు చేత్తో చేస్తున్నారు. మైనస్ 300కు సున్నా శాతం ఇస్తే, ఆ తగ్గింపు అంతా పన్ను లేని వస్తువు మీదే ఇచ్చినట్టు అర్థం. పై వరుసల పన్ను 180 అలాగే ఉండిపోతుంది. మొత్తం మళ్లీ 1880. పైగా బిల్లు_కోడ్ గారి ఇన్వాయిస్‌నే తీసుకుంటే పన్ను లేని వస్తువు విలువ 200 మాత్రమే. అందులోంచి 300 తీస్తే ఆ రేటు కింద మైనస్ 100 వస్తుంది. రేటు వారీ పట్టిక తీసి చూడండి, అక్కడ మైనస్ సంఖ్య కనిపిస్తుంది.

కోడ్ ముట్టుకోకుండానే సరిచేయవచ్చు. ఒక్క మైనస్ వరుసకు బదులు మూడు వేయండి. 5 శాతం రేటుతో మైనస్ 180, 20 శాతం రేటుతో మైనస్ 90, సున్నా రేటుతో మైనస్ 30. మొదటిది పన్నులో 9 తగ్గిస్తుంది, రెండోది 18 తగ్గిస్తుంది. 180లో 27 పోగా 153. ఇన్వాయిస్‌లో ఎన్ని రేట్లుంటే అన్ని మైనస్ వరుసలు, ఇంతే.

కొత్త_వరుస

ఇప్పుడే పట్టిక తీసి చూశాను. నిజంగానే సున్నా రేటు కింద కొన్ని ఇన్వాయిస్‌లలో మైనస్ ఉంది. మేము దాన్ని రిఫండ్ అనుకుని వదిలేస్తూ వచ్చాం. రేపటి నుంచి విడగొట్టి వేస్తాను. వస్తువు తిరిగి వచ్చినప్పుడు మాత్రం జమా_ఖర్చు గారు చెప్పిన తంటా మాకు తప్పేలా లేదు, ఎందుకంటే ఏ వస్తువుకు ఎంత తగ్గిందో ఈ వరుసలు చెప్పవు, ఏ రేటుకు ఎంత తగ్గిందో మాత్రమే చెబుతాయి.

పన్నుల_పద్దు

తగ్గింపుకు ముందు ధర మీద పన్ను వేయడం ఎప్పుడూ తప్పే అన్నట్టు ఇక్కడ మాట్లాడుతున్నారు. నేను ఒప్పుకోను. వస్తువు తయారు చేసిన సంస్థ ఇచ్చే కూపన్లు ఉంటాయి. అమ్మేవారు కొన్నవారి దగ్గర 300 తక్కువ తీసుకుంటారు, ఆ 300ను తరువాత తయారీ సంస్థ నుంచి రాబట్టుకుంటారు. అప్పుడు అమ్మేవారి చేతికి వచ్చింది పూర్తి ధరే. కొంత కొన్నవారి నుంచి, కొంత తయారీదారు నుంచి. చాలా చోట్ల ఇలాంటి కూపన్‌కు పన్ను పూర్తి ధర మీదే లెక్కిస్తారు. అమ్మేవారు తమ లాభంలోంచి వదులుకున్న తగ్గింపుకు మాత్రమే తగ్గిన ధర మీద పన్ను.

బిల్లు_కోడ్ గారూ, మీ కూపన్లలో ఏదైనా ఈ రకానిది ఉందేమో ముందు కనుక్కోండి. కూపన్ అనే పేరు చూసి అన్నిటికీ ఒకే లెక్క వేస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు.

జమా_ఖర్చు

పన్నుల_పద్దు గారి మాట అక్షరాలా నిజం. నేను గిఫ్ట్ కార్డు దగ్గరే ఆగిపోయాను, ఇది కూడా అదే కోవలోకి వస్తుంది. ఆ 300ను మరొకరు కడుతున్నారా, లేక అమ్మేవారు వదులుకున్నారా అన్నదే అడగాల్సిన ప్రశ్న. మరొకరు కడితే అది చెల్లింపు, పాత కోడ్ లెక్క చెల్లుతుంది. వదులుకుంటే అది తగ్గింపు. కూపన్ తయారు చేసే చోటే దాని ఖర్చు ఎవరిది అనే గడి ఒకటి పెట్టించండి. దాన్ని నింపనిదే కూపన్ అమల్లోకి రాకూడదు. అయితే ఏ దేశపు చట్టం ఏ కూపన్‌ను ఎలా చూస్తుందన్నది మీ పన్ను సలహాదారుతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇక్కడి చర్చ చూసి కోడ్ రాయవద్దు.

బిల్లు_కోడ్

కూపన్లు ఇచ్చే విభాగాన్ని అడిగాను. రెండు రకాలూ ఉన్నాయట. ఆ గడి పెట్టిస్తున్నాను. ఇప్పుడు నిష్పత్తిలో పంచడం దగ్గర చిక్కు వచ్చింది. మూడు వస్తువులు ఒకే ధరవి, తగ్గింపు 100. ఒక్కోదానికి 33.33 వేస్తే మొత్తం 99.99. ఆ 0.01 ఎక్కడికి పోవాలి? మిగిలింది చివరి వరుసకు వేసేయమని మా సహోద్యోగి అంటున్నారు.

పూర్ణాంకం

చివరి వరుసకు వేయడం చాలామంది చేసేదే. చాలాసార్లు ఇబ్బంది ఉండదు. కానీ ఎక్కడ తిరగబడుతుందో చూడండి. ఒక్కోటి 100.00 ఉన్న వస్తువులు ఆరు, చివర పేరుకు ధర వేసిన ఉచిత వస్తువు ఒకటి, దాని ధర 0.01. తగ్గింపు 10.00. పెద్ద వస్తువు ఒక్కోదాని వాటా 1.6666, దగ్గరి అంకెకు సవరిస్తే 1.67. ఆరింటికి 10.02 అయింది. చివరి వరుసకు మిగిలింది మైనస్ 0.02. అంటే ఉచిత వస్తువు ధర తగ్గకపోగా 0.03కు పెరిగింది. తగ్గింపు మైనస్‌లో ఉండకూడదని తనిఖీ పెట్టుకున్న ప్రోగ్రామ్ అయితే అక్కడే ఆగిపోతుంది.

దీనికి మేలైన దారి ఏమిటంటే, డబ్బును దశాంశాల్లో కాకుండా అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకంగా ఉంచండి. 100.00ను 10000గా అన్నమాట. ప్రతి వాటానూ కిందికే సవరించండి. అప్పుడు మిగులు ఎప్పుడూ సున్నా లేదా అంతకంటే ఎక్కువే, వరుసల సంఖ్య కంటే తక్కువే. ఆ మిగులును, సవరణలో ఎక్కువ పోగొట్టుకున్న వరుసలకు ఒక్కొక్క ప్రమాణం చొప్పున ఇవ్వండి.

```python
def allocate(discount, lines):
    total = sum(lines)
    shares = [discount * x // total for x in lines]
    rest = discount - sum(shares)
    order = sorted(range(len(lines)),
                   key=lambda i: discount * lines[i] % total,
                   reverse=True)
    for i in order[:rest]:
        shares[i] += 1
    return shares
```

తగ్గింపు మొత్తం ధరను మించనంత వరకు ఏ వరుసకూ దాని ధర కంటే ఎక్కువ తగ్గింపు రాదు, మైనస్ కూడా రాదు. మొత్తం ధర సున్నా అయితే భాగహారం దగ్గర విరుగుతుంది కాబట్టి దాన్ని ముందే పక్కకు తప్పించండి. మీ మూడు సమాన వస్తువుల్లో ఆ 0.01 మొదటి వరుసకు పోతుంది, ఎందుకంటే సమానంగా ఉన్నప్పుడు ఈ క్రమబద్ధీకరణ వరుసల పాత క్రమాన్ని చెదరగొట్టదు. అందుకే వరుసలను ఎప్పుడూ ఒకే క్రమంలో, వరుస సంఖ్య ప్రకారం ఇవ్వండి. డేటాబేస్ తనకు తోచిన క్రమంలో ఇస్తే ఇవాళ ముద్రించిన ఇన్వాయిస్‌కూ రేపు ముద్రించినదానికీ 0.01 చోటు మారుతుంది. రేట్లు వేరు కనుక దానితో పాటు పన్ను కూడా మారవచ్చు.

కొనుగోలు_పద్దు

నేను ఇన్వాయిస్‌లు అందుకునే వైపు పని చేస్తాను. ఇలాంటి తప్పును మేమెలా పట్టుకుంటామో చెబితే బిల్లు_కోడ్ గారికి ఉపయోగపడవచ్చు. ఒకే రేటు ఉన్న ఇన్వాయిస్ అయితే చూపుతోనే తెలిసిపోతుంది. 1700 మీద 20 శాతం అని ఉండి పన్ను 400 కనిపిస్తే ఎవరైనా ఆగుతారు. రేట్లు కలిసినప్పుడు కన్ను మోసపోతుంది, 1700 పక్కన 180 ఉన్నా 153 ఉన్నా రెండూ నమ్మదగ్గట్టే ఉంటాయి.

అందుకని మేము ఇన్వాయిస్ కింద ఉన్న రేటు వారీ పట్టికలో పన్ను పడిన విలువలన్నీ కూడతాం, సున్నా రేటుతో సహా. ఆ కూడిక, చెల్లించాల్సిన మొత్తంలోంచి పన్ను తీసేస్తే మిగిలేదానితో సరిపోవాలి. మీ పాత ఇన్వాయిస్‌లో 1200, 600, 200 కలిపి 2000. 1880లోంచి 180 తీస్తే 1700. తేడా సరిగ్గా 300, అంటే తగ్గింపు అంత. తేడా తగ్గింపుతో సమానమైతే కారణం ఇదేనని వెంటనే చెప్పగలం. ఇదే తనిఖీని మీ ప్రోగ్రామ్‌లో ఇన్వాయిస్ పంపే ముందే పెట్టుకోండి. గిఫ్ట్ కార్డు ఉన్నప్పుడు మాత్రం కార్డు తీయకముందు మొత్తంతో పోల్చాలి.

బిల్లు_కోడ్

చాలా మంచి తనిఖీ, పెట్టేస్తున్నాను. పాత ఇన్వాయిస్‌ల మీద కూడా ఇదే నడిపి చూస్తే తప్పు పడినవన్నీ ఒక జాబితాగా వచ్చాయి. వాటిని ఏం చేయాలి? డేటాబేస్‌లో పన్ను సరిచేసి మళ్లీ ముద్రిస్తే సరిపోతుందా?

పన్నుల_పద్దు

దయచేసి ఆ పని మాత్రం చేయకండి. కొన్నవారి చేతిలో ఉన్న కాగితం 180 అంటుంది, మీ పుస్తకం 153 అంటుంది. అదనంగా వసూలు చేసిన 27 మీది కాదు. ఇన్వాయిస్ మీద పన్నుగా చూపి వసూలు చేసినది, ఎక్కువైనా సరే, ప్రభుత్వానికి కట్టాల్సిందేనన్న నియమం చాలా చోట్ల ఉంది. దాన్ని తిరిగి ఇవ్వాలంటే అసలు ఇన్వాయిస్‌ను అలాగే ఉంచి, దాని సంఖ్యను పేర్కొంటూ 27కు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఆ నోట్‌లో కూడా 5 శాతం కింద 9, 20 శాతం కింద 18 అని విడిగా రాయాలి. దానికి గడువులు ఉంటాయి, అవి చోటును బట్టి మారతాయి.

సూత్రం_చాలు

ఒక్కో ఇన్వాయిస్‌కు క్రెడిట్ నోట్ ఇచ్చే ఖర్చు ఆ 27 కంటే ఎక్కువవుతుంది. చిన్న తేడాలను వదిలేయడం మేలని నేననుకుంటున్నాను. అడిగినవారికి ఇవ్వవచ్చు.

కొనుగోలు_పద్దు

వదిలేయడం మీకు సులువే. అందుకున్న మాకు కాదు. మీరు ఎక్కువ చూపిన పన్నును మేము మా లెక్కలో జమ చేసుకుంటే, తనిఖీలో అది చెల్లదంటారు. ఆ 27 మేమే భరించాలి. అడిగితేనే ఇస్తామనడం న్యాయం కాదు, చాలామందికి తప్పు జరిగిందనే తెలియదు.

గల్లా_పెట్టె

జమా_ఖర్చు గారూ, మీరు చెప్పినట్టు మా బిల్లులు తీసి చూశాను. 1080 దగ్గర 200 అనే ఉంది. మాకు పన్ను కలిపిన ధరలే ఉన్నాయి కదా, తగ్గింపును ఆ ధరల నిష్పత్తిలో పంచాలా, పన్ను తీసేసిన ధరల నిష్పత్తిలోనా? రెండు రకాలుగా వేస్తే ఫలితం కొద్దిగా వేరుగా వస్తోంది.

జమా_ఖర్చు

మీ కూపన్ మీద 300 తగ్గింపు అని ఉంటే కొన్నవారికి కనిపించే ధరలోంచే ఆ 300 పోవాలి. కాబట్టి పన్ను కలిపిన ధరల నిష్పత్తిలో పంచి, ఆ తరువాత ప్రతి వరుసలోంచి పన్నును విడదీయండి. తేడా రావడానికి కారణం, 20 శాతం వస్తువు పన్ను కలిపిన ధరలో కాస్త బరువుగా కనిపిస్తుంది, పన్ను తీసేస్తే తేలికవుతుంది. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా రిఫండ్‌లోనూ అదే ఉండాలి.

బిల్లు_కోడ్

కోడ్ మార్చాను. మొదట ఇచ్చిన ఇన్వాయిస్ ఇప్పుడు 1853 చూపుతోంది, తనిఖీలో రెండు వైపులా 1700 వచ్చింది. క్రెడిట్ నోట్ల సంగతి పైవారికి రాశాను, వారి నిర్ణయం కోసం చూస్తున్నాను.

ఇంకో రెండు అడగాలి. పంచిన తరువాత పన్నును ప్రతి వరుసకూ విడిగా సవరించాలా, రేటు వారీగా కూడి ఒక్కసారి సవరించాలా? పన్ను పడే విలువ 10.30 ఉన్న వరుసలు మూడు, రేటు 5 శాతం. వరుసకు 0.515, పైకి సవరిస్తే 0.52, మూడింటికి 1.56. కూడి వేస్తే 30.90 మీద 1.545, పైకి సవరించినా 1.55. రెండోది, ఆర్డరుకు రవాణా ఛార్జీ ఉన్నప్పుడు తగ్గింపులో దానికీ వాటా ఇవ్వాలా?

పూర్ణాంకం

మొదటిదానికి నేను వరుస వారీగానే చేస్తాను. వస్తువు తిరిగి వచ్చినప్పుడు ఆ వరుస పన్ను ఎంతో వెతుక్కునే పని ఉండదు.

పన్నుల_పద్దు

నేను రేటు వారీగా కూడి సవరించమంటాను. లెక్క అప్పజెప్పే పట్టికలో 30.90 పక్కన 1.56 ఉంటే 5 శాతానికి సరిపోలేదని అడుగుతారు. వరుస వారీగా చేయాలో, కూడి చేయాలో కొన్ని చోట్ల నియమమే ఉంటుంది, లేని చోట ఒక పద్ధతికి కట్టుబడి ఉండాలి.

జమా_ఖర్చు

రవాణా ఛార్జీ మీద నాకూ ఒకే అభిప్రాయం లేదు. కూపన్ షరతులో ‘వస్తువుల మీద’ అని ఉంటే దానికి వాటా ఇవ్వకూడదు, అది స్పష్టం. ‘ఆర్డరు మీద’ అని మాత్రమే ఉంటే ఇవ్వవచ్చని ఒకరు, అది అసలు వస్తువే కాదని మరొకరు వాదించడం చూశాను. పైగా కొన్ని చోట్ల రవాణా ఛార్జీకి సొంత రేటు ఉండదు, ఆర్డరులోని వస్తువుల రేట్లనే నిష్పత్తిలో తీసుకుంటుంది. అలాంటప్పుడు తగ్గింపు పంచకముందు విలువల నిష్పత్తా, పంచిన తరువాత నిష్పత్తా అన్నది కూడా తేల్చుకోవాలి. బిల్లు_కోడ్ గారూ, మీ కూపన్ షరతు మాటలు యథాతథంగా ఇక్కడ పెట్టండి, చూద్దాం.